గీత మెలికలు ఎందుకు తిరిగింది?

మెషిన్ లెర్నింగ్ కోర్సు ఎక్కడ చదివినా మొదటి నెల తిరక్కముందే ఒక బొమ్మ ఎదురవుతుంది. గ్రాఫు కాగితం మీద పది చుక్కలు, వాటి మధ్య నుంచి సాగే ఒక గీత. క్రిస్టఫర్ బిషప్ పాఠ్యపుస్తకం 2006లో వచ్చింది. అందులో ఈ బొమ్మ మొదటి అధ్యాయంలోనే ఉంటుంది. ఓవర్‌ఫిట్టింగ్, బయాస్, వేరియన్స్, రెగ్యులరైజేషన్ అనే నాలుగు మాటలూ ఆ పది చుక్కల్లోనే ఉన్నాయి. అందుకే వేరే ఉదాహరణల జోలికి పోకుండా ఈ ఒక్కదాన్నే నిదానంగా చూద్దాం.

చుక్కలు ఎలా వచ్చాయో ముందు చెప్పుకోవాలి. అడ్డంగా 0 నుంచి 1 దాకా సమాన దూరాల్లో పది స్థానాలు తీసుకున్నారు. ఒక్కో స్థానంలో సైన్ వక్రం ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టి, దానికి కాస్త యాదృచ్ఛికమైన తేడా కలిపారు. ఆ తేడా సగటున 0.3 దాకా అటూ ఇటూ ఊగుతుంది. నిజ జీవితంలో ఏ కొలతలోనైనా ఇలాంటి తేడా ఉంటుంది, దాన్నే నాయిస్ అంటారు. వెనక సైన్ వక్రం ఉందన్న సంగతి మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. దాని చేతికి వచ్చినవి పది చుక్కలే. వాటిని చూసి ఒక గీత గీయాలి, రేపు కొత్త స్థానం చెబితే అక్కడ ఎత్తు ఎంతో ఊహించాలి.

గీత గీయడానికి దానికి ఇచ్చిన పనిముట్టు హైస్కూల్లో మనమంతా చదివిన బహుపదే. బహుపది పరిమాణం సున్నా అయితే అడ్డంగా ఒక గీత వస్తుంది. ఒకటి అయితే ఏటవాలు గీత. ఈ రెండూ చుక్కలకు దూరదూరంగా పోతాయి. ఎందుకంటే ముందు పైకి లేచి, తర్వాత కిందికి దిగి, మళ్లీ లేచే ఆకారం సరళరేఖకు చేతకాదు. పరిమాణం 3కు పెంచితే గీత సైన్ వక్రానికి చాలా దగ్గరగా వస్తుంది. 9కి పెంచితే పది గుణకాలు చేతికొస్తాయి. పది చుక్కలకు పది గుణకాలు కాబట్టి గీత ప్రతి చుక్క మీదుగానూ కచ్చితంగా పోతుంది. ఇచ్చిన డేటా మీద తప్పు సున్నా.

కానీ చుక్కకూ చుక్కకూ మధ్య ఆ గీత చేసే పని చూడాలి. ముఖ్యంగా రెండు అంచుల దగ్గర పాతాళానికి పడి, ఆకాశానికి లేచి, మళ్లీ వచ్చి చుక్కను ముట్టుకుంటుంది. అదే సైన్ వక్రం నుంచి కొత్తగా వంద చుక్కలు తీసి పరీక్షిస్తే, పరిమాణం 3 నుంచి 8 దాకా తప్పు తక్కువగానే ఉంటుంది. 9 దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది. నేర్చుకున్న డేటా మీద తప్పు లేకుండా, కొత్త డేటా మీద ఇంత తప్పు చేయడమే ఓవర్‌ఫిట్టింగ్.

క్లాసులో దీన్ని బట్టీ పట్టిన విద్యార్థితో పోలుస్తారు. పాత ప్రశ్నపత్రం ఇస్తే నూటికి నూరు, ప్రశ్న కాస్త మారిస్తే గుండుసున్నా. పోలిక తప్పేమీ కాదు. కానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం చేతికి రాదని నా అభిప్రాయం. బహుపది బట్టీ ఎలా పడుతుంది? ఆ బట్టీ దానిలో ఎక్కడ కనిపిస్తుంది? జవాబు గుణకాల్లో ఉంది, బిషప్ వాటిని పట్టికగా వేశారు కూడా.

పరిమాణం 3 ఉన్న గీతకు నాలుగు గుణకాలు. అవి 0.31, 7.99, -25.43, 17.37. మామూలు సంఖ్యలే. పరిమాణం 9 ఉన్న గీత గుణకాలు చూడండి. మొదటిది 0.35, రెండోది 232.37. ఐదోది రెండు లక్షల ముప్పై ఒక్క వేలు దాటి రుణ సంఖ్య. ఆరోది 6,40,042.26. ఏడోది -10,61,800.52. ఎనిమిదోది 10,42,400.18. గీత ఎత్తు ఒకటికి అటూ ఇటూగా ఉండాల్సిన చోట గుణకాలు పది లక్షలకు పోయాయి!

ఇప్పుడు కుడి అంచుకు వెళ్దాం. అక్కడ x విలువ 1. ఒకటిని ఏ ఘాతానికి హెచ్చించినా ఒకటే. అందువల్ల అక్కడ గీత ఎత్తు అంటే పది గుణకాల మొత్తమే. కాగితం మీద కూడి చూడండి: లక్షలకు లక్షలు ఒకదాన్నొకటి కొట్టుకుపోయి చివరికి 0.26 మిగులుతుంది. పరిమాణం 3 ఉన్న గీతకూ కూడండి: 0.24. రెండూ దాదాపు ఒకే చోటికి చేరాయి. ఒకటి ముప్పై లోపు అంకెలతో చేరింది, రెండోది పది లక్షలు కూడి పది లక్షలు తీసేసి చేరింది.

ఈ రెండో దారిలో ఉన్న ప్రమాదం ఇట్టే లెక్క తేలుతుంది. ఆ ఏడో గుణకం ఒక్కటీ లక్షలో ఒక వంతు మారిందనుకుందాం. పది లక్షల అరవై వేలలో లక్షో వంతు అంటే పది పైచిలుకు. మిగతావి కదలకపోతే, 0.26 ఉండాల్సిన ఎత్తు పదికి ఎగిరిపోతుంది. చుక్కల దగ్గర గుణకాలన్నీ ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకునేలా లెక్క కుదిరింది. చుక్కల మధ్యన అలా కుదిరి తీరాలన్న నియమమేదీ లేదు. అందుకే అక్కడ గీత మెలికలు తిరిగింది. చుక్కల్లో ఉన్న 0.3 నాయిస్‌ను కూడా నిజమనుకుని, దాన్ని అందుకోవడానికి గుణకాలు అంత దూరం సాగాయి.

ఇక వేరియన్స్ సంగతి. నాయిస్ యాదృచ్ఛికం కదా. ఇదే ప్రయోగం రేపు మళ్లీ చేస్తే వేరే పది చుక్కలు వస్తాయి. 9 పరిమాణం ఉన్న గీత వాటికి తగ్గట్టు పూర్తిగా వేరే మెలికలు తిరుగుతుంది. ఎల్లుండి ఇంకో రకం. డేటా కొంచెం మారినందుకు జవాబు ఎంత మారిపోతుందో చెప్పే కొలతే వేరియన్స్. సరళరేఖను తీసుకుంటే, చుక్కలు మారినా అది పెద్దగా కదలదు. కానీ ఎన్నిసార్లు గీసినా, ఆ గీతలన్నిటి సగటు తీసినా, సైన్ వక్రం మాత్రం రాదు. సగటు కూడా నిజానికి దూరంగా ఉండిపోయే ఆ దూరమే బయాస్.

ఇది మాటల్లో చెప్పడం కంటే గీసి చూపిస్తే బాగా అర్థమవుతుంది. అదే పుస్తకంలో తర్వాతి ప్రయోగం ఇది. పాతిక చుక్కల చొప్పున వంద డేటాలు తయారుచేశారు. ఒక్కో డేటాకు ఒక్కో గీత, మొత్తం వంద గీతలు. మోడల్‌ను గట్టిగా అదుపు చేసినప్పుడు ఆ గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సగటు మాత్రం సైన్ వక్రం కంటే చదునుగా ఉంది. అంటే బయాస్ ఎక్కువ, వేరియన్స్ తక్కువ. అదుపు సడలించినప్పుడు గీతలు చిందరవందరగా చెదిరాయి. విచిత్రమేమంటే, వాటి సగటు గీస్తే అది సైన్ వక్రాన్ని దాదాపు పూర్తిగా అంటిపెట్టుకుంది. బయాస్ లేదు, వేరియన్స్ విపరీతం. ఆ రెండో సగటు చూసి మురిసిపోవడానికి లేదు. నిజ జీవితంలో మన చేతికి వంద డేటాలు రావు, ఒక్కటే వస్తుంది. చెదిరిన వందలో ఒక గీత మన వంతుకొస్తుంది, అది ఏదో మనకు తెలియదు.

కొత్త చుక్క మీద మనం చేసే సగటు వర్గ దోషం సరిగ్గా మూడు ముక్కలుగా విడిపోతుంది: బయాస్ వర్గం, వేరియన్స్, నాయిస్. మూడోది మన చేతిలో లేదు. మన ఉదాహరణలో అది 0.3 వర్గం, అంటే 0.09. ఎంత గొప్ప మోడలైనా దాని కిందికి దిగలేదు. మిగతా రెండిటిలో ఒకటి తగ్గిస్తే సాధారణంగా ఇంకోటి పెరుగుతుంది. 1992లో స్టూవర్ట్ జెమన్, ఎలీ బియనెన్‌స్టాక్, రెనే డూర్సా న్యూరల్ నెట్‌వర్కుల మీద రాసిన పరిశోధనపత్రం తర్వాత ఈ విభజన మెషిన్ లెర్నింగ్ పాఠాల్లో స్థిరపడింది.

గణాంక శాస్త్రంలో మాత్రం ఈ ఆలోచనకు అంతకంటే పాత మూలాలున్నాయి. అందులో ఒకటి మన వాడిది. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి.ఆర్. రావు 1945లో ఒక పత్రం రాశారు. బయాస్ లేని అంచనా ఏదైనా సరే, దాని వేరియన్స్ ఒక హద్దు కంటే కిందికి దిగదని అందులో నిరూపించారు. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితానికి చేరడంతో దాన్ని క్రామర్-రావు హద్దు అంటున్నారు. ఆ ఫలితంలో 'బయాస్ లేని' అన్న షరతు ఎంత బరువైనదో గమనించాలి. కొంచెం బయాస్‌కు ఒప్పుకున్న క్షణాన ఆ హద్దు వర్తించదు, వేరియన్స్ ఇంకా కిందికి దిగగలదు.

దిగితే లాభమా, నష్టమా? చిన్న లెక్క చేద్దాం. మనం కనుక్కోవాల్సిన అసలు సంఖ్య 2 అనుకోండి. దాన్ని కొలిచే పద్ధతి సగటున సరిగ్గా 2 చెబుతుంది, కానీ ఒక్కో కొలత 2 మేర అటూ ఇటూ ఊగుతుంది. కొలతను ఉన్నదున్నట్టు తీసుకుంటే బయాస్ సున్నా, వేరియన్స్ 2 వర్గం, అంటే 4. మొత్తం దోషం 4. ఇప్పుడు ప్రతి కొలతనూ సగానికి తగ్గించి చెబుదాం. సగటున 1 వస్తుంది, అసలు 2 కాబట్టి బయాస్ 1, దాని వర్గం 1. ఊపు కూడా సగమై 1 అయింది, దాని వర్గం 1. మొత్తం దోషం 2. తెలిసి తెలిసి తక్కువ చెబితే దోషం సగానికి పడిపోయింది! మరీ అత్యాశకు పోయి పూర్తిగా సున్నాకు కుదిస్తే వేరియన్స్ ఉండదు, బయాస్ వర్గం 4 అవుతుంది, మళ్లీ మొదటికొస్తాం. రెండు చివరలా 4, నడుమ 2.

1970లో ఆర్థర్ హోర్ల్, రాబర్ట్ కెన్నార్డ్ 'రిడ్జ్ రిగ్రెషన్' పేరుతో ఈ కుదింపునే గుణకాలకు వర్తింపజేశారు. తమ పద్ధతి బయాస్‌తో కూడినదని పత్రం శీర్షికలోనే చెప్పారు. రెగ్యులరైజేషన్ అంటే కోర్సులో మొదట చెప్పేది ఇదే. గీత చుక్కలకు ఎంత దూరంగా పోయిందన్న దోషం మాత్రమే తగ్గించకుండా, గుణకాల వర్గాల మొత్తానికి కూడా ఒక ధర కడతాం:

```
E = Σ (t - y)² + λ Σ w²
```

ఇందులో t చుక్క ఎత్తు, y మన గీత ఎత్తు, w గుణకం. లాంబ్డా అనేది గుణకాల మీద మనం వేసే పన్ను రేటు.

మన 9 పరిమాణపు గీత మీద ఈ పన్ను వేసి చూద్దాం. దాని గుణకాల వర్గాలన్నీ కూడితే మూడు లక్షల కోట్లు దాటుతుంది. అందుకని లాంబ్డా చాలా చిన్నది చాలు. బిషప్ తీసుకున్న విలువ పది కోట్లలో ఒకటిన్నర వంతు. అంత చిన్న రేటుకే పాత గుణకాల మీద పన్ను నలభై ఐదు వేలు దాటుతుంది. అదే, చుక్కలను అసలు పట్టించుకోకుండా అడ్డంగా సున్నా దగ్గర గీత గీసినా, పది చుక్కల మీదా దోషం మొత్తం పదికి మించదు. నాయిస్‌ను అందుకుంటే మిగిలేది ఏ చిల్లరో, దానికి కట్టాల్సింది నలభై ఐదు వేలు. లెక్క తెలిసిన ఏ పద్ధతీ ఆ బేరానికి ఒప్పుకోదు.

ఫలితంగా వచ్చిన కొత్త గుణకాలు 0.35, 4.74, -0.77, -31.97, -3.89, 55.28, 41.32, -45.95, -91.53, 72.68. లక్షలు పోయాయి, వంద లోపు మిగిలాయి. కుడి అంచున ఎత్తు కోసం వీటినీ కూడితే మళ్లీ అదే 0.26. ఇప్పుడు గీత సైన్ వక్రాన్ని చక్కగా అనుసరిస్తుంది. పరిమాణం 9 అలాగే ఉంది, గుణకాలు పదీ అలాగే ఉన్నాయి, డేటాలో ఒక్క చుక్క కూడా పెరగలేదు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ చోటు. గుణకాలు ఎన్ని అన్నదాని కంటే, అవి ఎంత దూరం సాగడానికి స్వేచ్ఛ ఉంది అన్నదే మోడల్ తీరును నిర్ణయించింది. లాంబ్డాను ఒకటికి పెంచితే కథ అటు తిరుగుతుంది. గుణకాల్లో పెద్దది 0.13, గీత దాదాపు చదును. పన్ను మరీ ఎక్కువై నేర్చుకోవడమే మానేసింది.

మరి లాంబ్డా ఎంత పెట్టాలి? ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. బయాస్, వేరియన్స్ విడివిడిగా లెక్కగట్టాలంటే వెనకున్న అసలు వక్రం తెలియాలి. బిషప్ ప్రయోగంలో తెలుసు, ఎందుకంటే డేటాను తయారుచేసింది ఆయనే. ఇళ్ల ధరల మీదో, రోగుల రక్తపరీక్షల మీదో పనిచేసేవారికి అది తెలియదు. అందుకని చేతిలో ఉన్న డేటాలో ఐదో వంతు పక్కన పెట్టి, మిగతాదాని మీద రకరకాల లాంబ్డాలతో నేర్పించి, పక్కన పెట్టినదాని మీద దోషం చూస్తారు. ఐదు వంతులనూ వంతులవారీగా ఇలా పక్కన పెట్టి సగటు తీస్తే అది క్రాస్ వాలిడేషన్. లాంబ్డాను పదేసి రెట్లుగా మార్చుకుంటూ పోవాలి. 0.1, 0.2, 0.3 అని మార్చితే అసలైన చోటు ఎప్పటికీ కనబడకపోవచ్చు. మన ఉదాహరణలో అది పది కోట్ల వంతుల దగ్గర ఉందని మరవకండి.

జబ్బు ఏదో కూడా ఈ రెండు దోషాలే చెబుతాయి. నేర్చుకున్న డేటా మీదా, పక్కన పెట్టిన డేటా మీదా దోషం ఎక్కువగానే ఉండి, రెండూ దగ్గరదగ్గరగా ఉంటే అది బయాస్. ఇలాంటప్పుడు ఇంకా డేటా సేకరించడానికి డబ్బు పోయడం దండగ. సరళరేఖకు వెయ్యి చుక్కలిచ్చినా అది వంగదు. మొదటి దోషం చాలా తక్కువగా ఉండి రెండోది ఎక్కువగా ఉంటే అది వేరియన్స్. దీనికి డేటా మంచి మందు. అదే 9 పరిమాణపు గీతకు పదికి బదులు వంద చుక్కలిస్తే, పన్నేదీ వేయకపోయినా సైన్ వక్రానికి దగ్గరగా వస్తుంది. డేటా దొరకని చోట లాంబ్డా ఆ పని చేస్తుంది.

ఆచరణలో తరచూ బెడిసికొట్టేది ఒకటుంది. పన్ను గుణకం పరిమాణం మీద పడుతుంది కాబట్టి, కొలమానం మారితే పన్ను కూడా మారిపోతుంది. ఇంటి విస్తీర్ణాన్ని చదరపు అడుగుల్లో ఇస్తే దాని గుణకం చిన్నది, చదరపు గజాల్లో ఇస్తే తొమ్మిది రెట్లు పెద్దది. ఇల్లు అదే, కానీ పన్ను ఎనభై ఒక్క రెట్లు. అందుకే రిడ్జ్ వాడే ముందు అన్ని కొలతలనూ ఒకే స్థాయికి తెస్తారు. ఆ స్థాయి లెక్కను నేర్చుకునే భాగం నుంచే తీయాలి. పక్కన పెట్టిన డేటాను కూడా కలిపి తీస్తే, పరీక్షపత్రంలోని సమాచారం ముందే లోపలికి వచ్చినట్టే. అలా వచ్చిన దోషం అంకెను నమ్మడానికి లేదు.

ఈ సిద్ధాంతానికి ఎల్లలు కూడా ఉన్నాయి. డేటా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గుణకాలున్న పెద్ద న్యూరల్ నెట్‌వర్కులు నేర్చుకున్న డేటా మీద తప్పును సున్నాకు తెచ్చి కూడా కొత్త డేటా మీద బాగా పనిచేస్తున్నాయి. 2019లో మిఖాయిల్ బెల్కిన్ బృందం దీన్ని విడమరిచి చూపింది. మోడల్ పెద్దదవుతుంటే దోషం ముందు తగ్గి, గుణకాలు డేటాకు సరిసమానమయ్యే చోట ఎగబాకి, ఆ తర్వాత మళ్లీ తగ్గుతుంది. మన పది చుక్కలు, పది గుణకాలు సరిగ్గా ఆ అతి చెడ్డ చోటే ఉన్నాయి! దాన్ని దాటాక చుక్కలన్నిటినీ తాకే గీతలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో గుణకాలు చిన్నవిగా ఉన్న గీత వైపే నేర్పించే పద్ధతి మొగ్గడం ఇందుకు ముఖ్య కారణమని కొన్ని మోడళ్ల విషయంలో నిరూపణలున్నాయి. అన్ని నెట్‌వర్కులకూ వర్తించే పూర్తి వివరణ మాత్రం ఇంకా రాలేదు.

కోర్సు చదువుతున్నవారికి ఒక మాట. ఈ కింది కోడ్‌ను టైప్ చేసి నడపండి. మూడు లాంబ్డాలకు మూడు వరుసల గుణకాలు వస్తాయి.

```python
import numpy as np
from sklearn.linear_model import Ridge

rng = np.random.default_rng(1)
x = np.linspace(0, 1, 10)
t = np.sin(2*np.pi*x) + rng.normal(0, 0.3, 10)
X = np.vander(x, 10, increasing=True)

for lam in [0, 1.5e-8, 1]:
    m = Ridge(alpha=lam, fit_intercept=False, solver="svd")
    print(lam, np.round(m.fit(X, t).coef_, 2))
```

మీకు వచ్చే అంకెలు పుస్తకంలోవి కావు, ఎందుకంటే నాయిస్ వేరు. `default_rng(1)` లోని 1ని 2, 3, 4 అని మార్చుకుంటూ పోండి. మొదటి వరుస ప్రతిసారీ ఎంత దూరం గెంతుతుందో, మూడో వరుస ఎంత తక్కువగా కదులుతుందో కాగితం మీద రాసుకోండి. వేరియన్స్ నిర్వచనం కంఠస్థం చేయడం ఆ తర్వాత చూసుకోవచ్చు.